మిగిలిన రెండు మీటర్లు

ఆ కాలేజీలో అందరూ ఆవిడని ల్యాబక్క అని పిలిచేవారు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబులో పద్దెనిమిదేళ్ళుగా బీములు తుడిచి, తూకాలకి నూనె రాసి, పిల్లలు ప్రయోగం చేసి వదిలేసిన బరువులు ఏరి డబ్బాలో సర్దే ఉద్యోగం. పేరుకి అటెండరు. కానీ కొత్తగా చేరిన లెక్చరర్లు క్లాసుకి ముందు రోజు తలుపు దగ్గరకొచ్చి, "అక్కా, ఆ రియాక్షన్ల ప్రయోగం ఒకసారి చూపిస్తారా, టచ్ పోయింది," అని గొంతు తగ్గించి అడిగేవారు. టచ్ ఉంటే కదా పోవడానికి అనుకుంటూనే ఆవిడ చూపించేది.

టెక్నీషియన్ పోస్టు కావాలంటే డిప్లొమా ఉండాలన్నారు. సరే అని సాయంకాలం కోర్సులో చేరింది. ముప్పై ఒక్క పేపర్లు గట్టెక్కింది. ఇక మిగిలింది ఒక్కటే, తాను రోజూ చేత్తో పట్టుకునే స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్. పైగా ఆవిడ చేరిన పాత సిలబస్ స్కీముకి ఇదే ఆఖరి పరీక్ష. ఇది తప్పితే ఆ ముప్పై ఒక్క పేపర్లూ చెల్లవు, మళ్ళీ మొదటి నుంచీ కొత్త స్కీములో రాసుకోవాలి. అంత ఓపిక తనకి లేదని ల్యాబక్కకి తెలుసు. ఇంటి పని, ఉద్యోగం, చదువు మూడూ మోసి నడుం విరిగిపోయింది.

ఫలితాలొచ్చాయి. నలభై వస్తే పాసు. ఆవిడకి ముప్పై ఆరు.

కొత్త స్కీములో చేరి, రెండు స్కీములకీ ఉమ్మడిగా పెట్టిన అదే పేపరు మొదటిసారి రాసిన మరిదికి నలభై నాలుగు.

ఆ రోజు ఇంట్లో చూడాలి సంబరం. అత్తగారు వీధి గదిలోని పొడుగు బల్ల మీద, తన కొస తాను పట్టుకుని కూర్చుని, వచ్చిన వాళ్ళందరికీ మిఠాయి పంచుతోంది. ఆ బల్లకి కాళ్ళు రెండు కొసలకీ మూరెడు లోపలికి ఉంటాయి. ఇటు కొస అత్తగారిది, అటు కొస మరిదిది, ఆ రోజూ అలాగే కూర్చున్నారు. మధ్యలో ఎవరు కూర్చున్నా ఆవిడకి నచ్చదు.

"పద్దెనిమిదేళ్ళు ఆ ల్యాబులో పడి ఉంటే రానిది, నా కొడుక్కి పదిహేను రోజుల్లో వచ్చేసింది," అంది అత్తగారు, కోడలు వంటింట్లో ఉందని తెలిసి మరీ కాస్త గట్టిగా.

ల్యాబక్క పెనిమిటి ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసే పనిలో ఉన్నాడు. అతను మాట్లాడే మనిషి కాదు. లోపలికొచ్చి పెళ్ళాం పక్కన నిలబడి, "ఏ లెక్క పోయింది?" అని మాత్రం అడిగాడు.

ఏ లెక్క పోయిందో ఆవిడకీ తెలీదు. జవాబు పత్రం నకలు కోసం దరఖాస్తు పెట్టింది. పది రోజులకి నకలు చేతికొచ్చింది. చూస్తే, పద్నాలుగు మార్కుల ప్రశ్నకి ఎర్ర సిరాతో ఒకటి వేసి ఉంది. బొమ్మలు రెండూ అడ్డంగా కొట్టేసి ఉన్నాయి.

ఆ ప్రశ్న ఇదీ. పది మీటర్ల బీము. ఎడమ కొస ఒక సపోర్టు మీద, అక్కడి నుంచి ఎనిమిది మీటర్ల దూరంలో రెండో సపోర్టు మీద ఆనుతుంది. మిగిలిన రెండు మీటర్లూ బాల్కనీలాగా బయటికి ఉంటాయి. రెండు సపోర్టుల మధ్యా మీటరుకి పది కిలోన్యూటన్ల చొప్పున పరుచుకున్న బరువు, బయటి కొసన ఇరవై కిలోన్యూటన్ల బరువు. బీముని ఎక్కడెంత బలం కోస్తుందో చూపే షియర్ ఫోర్స్ బొమ్మా, ఎక్కడెంత వంచుతుందో చూపే బెండింగ్ మొమెంట్ బొమ్మా గీయాలి.

ల్యాబక్క పరీక్షలో ముందు రియాక్షన్లు కట్టింది, అంటే ఒక్కో సపోర్టు ఎంత మోస్తుందో. ఎడమది ముప్పై అయిదు, కుడిది అరవై అయిదు. కట్టి ఊరుకోలేదు. రెండూ కలిపితే వంద, పైనున్న బరువూ వందే, సరిపోయింది. తర్వాత కుడి సపోర్టు చుట్టూ మొమెంట్లు తీసి, అటు తిప్పేవీ ఇటు తిప్పేవీ సమానమో కాదో చూసింది. అవీ సరిపోయాయి. అప్పుడు గానీ స్కేలు చేతిలోకి తీసుకోలేదు. షియర్ ఫోర్స్ మూడున్నర మీటర్ల దగ్గర సున్నా అయింది, కాబట్టి అక్కడే బీము ఎక్కువ వంగుతుంది, అరవై ఒకటింపావు. ఏడు మీటర్ల దగ్గర వంపు సున్నా అయి, అక్కడి నుంచి తిరగబడుతుంది. కుడి సపోర్టు పైన ఎదురు వంపు నలభై. బయటి కొసకి వచ్చేసరికి రెండు బొమ్మలూ సున్నా దగ్గర బుద్ధిగా ముగిశాయి. ఆ ఒక్క మార్కూ ఆ మూడున్నర మీటర్లకి వేశారు.

నకలుతో పాటు, పేపర్లు దిద్దడానికి వాడిన జవాబుల కీ కూడా ఇచ్చారు. కీలో ఎక్కువ వంపు నూట ఒకటింపావు. ఎడమ రియాక్షన్ యాభై అయిదు, కుడిది నలభై అయిదు. ఎక్కువ వంపు ఉన్న చోటు మూడున్నర మీటర్లు, అది మాత్రం కలిసింది. ఇక బయటి రెండు మీటర్ల మీద రెండు బొమ్మల్లోనూ గీతన్నదే లేదు.

"మరిదీ, ఆ బీము లెక్కకి నీకెంత వచ్చింది?" అని అడిగింది ఇంటికి రాగానే.

"నూట ఒకటింపావు వదినా," అన్నాడు మరిది తడుముకోకుండా. "గైడులో యాభై మూడో పేజీ. మక్కీకి మక్కీ దించేశాను. అయితే గైడులో బీము ఎనిమిది మీటర్లే, మన పేపర్లో పది ఇచ్చాడు. అందుకని కింద ఒక ముక్క రాశా. మిగిలిన రెండు మీటర్లూ ప్రశ్నలో పొరపాటున వచ్చినవి అని."

"దానికీ మార్కులేశారా?"

"పద్నాలుగుకి పద్నాలుగు!"

ల్యాబక్క కీలో తప్పుందని ఫిర్యాదు రాసి, మర్నాడే పరీక్షల ఆఫీసులో ఇచ్చేసింది.

ఆ గైడు రాసింది మరెవరో కాదు, ల్యాబక్క పనిచేసే డిపార్టుమెంటు హెడ్డు. ఆయన్ని వెనకాల అందరూ గైడుగారు అనేవారు. ఆయన గైడు పదహారు ముద్రణలు పొందింది, ప్రతి ముద్రణకీ అట్ట మారింది, లోపల పేజీ మారలేదు. ప్రశ్నపత్రం కూర్చింది ఆయనే, కీ రాసింది ఆయనే. కీ మీద ఫిర్యాదులు వినే కమిటీలో మెంబరూ ఆయనే. తన మీద ఫిర్యాదుని తానే వినడంలో ఆయనకి ఎన్నడూ ఏ ఇబ్బందీ కలగలేదు, ఎందుకంటే ఇంతవరకూ ఒక్క ఫిర్యాదులోనూ ఆయనకి నిజం కనిపించలేదు.

కమిటీ ఒక మధ్యాహ్నం రెండు గంటలకి పరీక్షల ఆఫీసులో కూర్చుంది. ముగ్గురు. మధ్యలో పరీక్షల అధికారి. ఆయనకి గడియారం మీద ఉన్న భక్తి ఇంకెవరి మీదా లేదు. సాయంత్రం అయిదింటికి పాత స్కీము ఫలితాల ఫైలు మూతపడుతుంది, ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా ఒక్క మార్కు మార్చడం కుదరదు. అటు పక్క గైడుగారు. ఇటు పక్క బయటి నుంచి వచ్చిన మెంబరు, కట్టడాల శాఖలో చేసి రిటైరైన పెద్దింజనీరు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రో ఆలోచనో ఎవరికీ తెలీదు, అడిగే ధైర్యమూ ఎవరూ చెయ్యలేదు.

"కీ తప్పంటున్నావు," అన్నాడు గైడుగారు, ఇంట్లో పిల్లి మాట్లాడినంత ఆశ్చర్యంగా. "నువ్వు?"

"అవునండి సార్."

"ఈ పరీక్ష ఎంతమంది రాశారో తెలుసా? నాలుగు వందల పన్నెండు మంది. అందులో రెండు వందల అరవై మందికి నూట ఒకటింపావే వచ్చింది. వాళ్ళందరూ తప్పు, నువ్వొక్కదానివీ ఒప్పా?"

"వాళ్ళందరికీ ఒకే పేజీ వచ్చింది సార్."

పెద్దింజనీరు ఒక కన్ను తెరిచాడు.

గైడుగారు గొంతు సవరించుకున్నాడు. "సరే, కట్టి చూద్దాం. పక్షపాతం వద్దు. కీలో రియాక్షన్లు యాభై అయిదు, నలభై అయిదు. కలిపితే?"

"వంద," అన్నాడు అధికారి. కూడిక ఆయనకి వచ్చు.

"బీము మీద బరువు? ఎనభై, ఇరవై. వంద. సమతుల్యం ఉందా లేదా? ఇంక దీంట్లో గొడవేంటమ్మా?"

అధికారి తృప్తిగా కలం మూత తీశాడు. గదిలో అందరూ ఇక లేవచ్చన్నట్టు కదిలారు. కూడిక సరిపోతుందని ల్యాబక్కకీ తెలుసు. మోసగాడి మాటలాగా సగం నిజం ఉన్న తప్పు ఇది, అందుకే ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు.

"వంద మొయ్యడం ఒకటే చాలదు సార్," అంది. "మా ఆయనా, ఆయన జతగాడూ బీరువా మోస్తారు. ఇద్దరి భుజాల మీదా కలిపి బీరువా బరువంతా పడితీరాలి, నిజమే. కానీ ఎవరి మీద ఎంత పడుతుందన్నది బీరువాలో సామాను ఎటుందో దాన్ని బట్టే కదండీ. మీ ఇష్టమొచ్చినట్టు పంచితే బీరువా ఊరుకోదు, తిరగబడుతుంది. కుడి సపోర్టు చుట్టూ మొమెంట్లు తీయండి. మీ యాభై అయిదు, ఎనిమిది మీటర్ల దూరం, నాలుగు వందల నలభై. కొసన ఇరవై, రెండు మీటర్ల దూరం, నలభై. రెండూ ఒకవైపే తిప్పుతాయి, నాలుగు వందల ఎనభై. ఇటువైపు తిప్పేది ఎనభై ఒక్కటే, నాలుగు మీటర్ల దూరం, మూడు వందల ఇరవై. నూట అరవై తేడా సార్. మీ బీము గాలిమరలాగా గిర్రున తిరగాలి."

"మొమెంట్లు సరిచూడమని కీలో అడగలేదు," అన్నాడు గైడుగారు.

ఈ ముక్కకి పెద్దింజనీరు రెండో కన్ను కూడా తెరిచాడు. "బాగా చెప్పారండీ," అన్నాడు మెల్లిగా. "బీముని అడిగారా?"

గైడుగారికి కోపమొచ్చింది. కాగితం మీద ఎవరేదైనా చెప్పొచ్చు, కాగితం మీద వాదనలకి అంతుండదు అన్నాడు. అది ఆయన చేసిన పొరపాటు. ల్యాబక్క వెంటనే, "అయితే ల్యాబుకి వెళ్దామండి సార్, కింద అంతస్తే," అంది. వద్దనడానికి ఆయన దగ్గర సిద్ధంగా మాట లేదు. గైడులో ఆ ప్రశ్న లేదు మరి.

ల్యాబులో అడుగు పెట్టగానే ఆవిడ నడక మారిపోయింది. పైన గదిలో కుర్చీ అంచున కూర్చున్న మనిషి, ఇక్కడ కొంగు బిగించి ముగ్గురికీ ఎక్కడ నిలబడాలో చూపించింది. మీటరు పొడవున్న చెక్క బీము తీసింది. దాని ఎడమ కొస కింద ఒక స్ప్రింగు తూకం, ఎనభై సెంటీమీటర్ల గుర్తు కింద ఇంకొకటి పెట్టింది. వాటికి గడియారంలాంటి ముఖాలుంటాయి, ముల్లు కిలోలు చూపిస్తుంది. ఉత్త బీము బరువు లెక్కలోకి రాకుండా రెండు ముళ్ళూ సున్నాకి తిప్పింది. మీటరుకి పది సెంటీమీటర్లు, పది కిలోన్యూటన్లకి ఒక కిలో, అదీ ఆవిడ పెట్టుకున్న కొలత. సపోర్టుల మధ్య ఉన్న ఎనిమిది భాగాల్లో, ఒక్కో భాగం నడిమిన ఒక్కో కిలో చొప్పున ఎనిమిది బరువులు తగిలించింది. బయటి కొసన రెండు కిలోలు వేలాడదీసింది.

ముళ్ళు వణికి ఆగాయి. ఎడమది మూడున్నర. కుడిది ఆరున్నర.

అధికారి వంగి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "కీ ప్రకారం ఎంతుండాలి?"

"అయిదున్నర, నాలుగున్నర," అన్నాడు పెద్దింజనీరు.

"తూకాలు పాతవి," అన్నాడు గైడుగారు తడబడకుండా. "స్ప్రింగులు వదులైపోయాయి. కొత్తవి కొనమని నేనే మూడేళ్ళుగా రాస్తున్నాను."

ల్యాబక్క బరువులన్నీ దించింది, ఎడమ తూకం కుడికీ కుడిది ఎడమకీ మార్చింది, మళ్ళీ సున్నా చేసి అన్నీ తగిలించింది. ఎడమన మూడున్నర, కుడిన ఆరున్నర. తూకం మారినా పంపకం మారలేదు. గైడుగారు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

అప్పుడు ఆవిడకి ఒక ఊహ తట్టింది. కీ చూసినప్పటి నుంచీ మనసులో ఒక ప్రశ్న మెదులుతూనే ఉంది. ఒక పెద్దమనిషి ఊరికే అంకెలు కల్పించడు కదా, ఈ యాభై అయిదూ నలభై అయిదూ ఎక్కడి నుంచో వచ్చి ఉండాలి. కొసన వేలాడుతున్న రెండు కిలోల బరువు తీసి, సపోర్టుల మధ్యన, ఎడమ నుంచి ఇరవై సెంటీమీటర్ల దగ్గర తగిలించింది.

ఎడమ ముల్లు అయిదున్నరకి ఎక్కింది. కుడి ముల్లు నాలుగున్నరకి దిగింది.

"కీ తప్పు కాదండి సార్," అంది ల్యాబక్క, తనకే ఆశ్చర్యంగా. "కీ సరైనదే. కాకపోతే వేరే ప్రశ్నకి. గైడులో ఇరవై కిలోన్యూటన్లు ఎడమ సపోర్టుకి రెండు మీటర్ల దూరంలో ఉండి ఉంటుంది. ఈసారి పేపరు కొత్తగా కనబడాలని మీరు దాన్ని కుడి సపోర్టు అవతలికి, రెండు మీటర్ల దూరానికి జరిపారు. బరువు జరిగింది, కీ జరగలేదు."

గైడుగారి చెవులు ఎర్రబడ్డాయి. పదహారు ముద్రణల తర్వాత ఆయన చేసిన ఏకైక మార్పు అదే, అదే ఆయన కొంప ముంచింది.

పైకి వచ్చేసరికి నాలుగూ పది. అధికారి బుర్ర పాదరసంలా పనిచేసింది. ఇలాంటి చిక్కులు ఆయన ఎన్ని విప్పలేదు! టైపిస్టుని పిలిచి గడగడా చెప్పాడు. "ప్రశ్నలో అస్పష్టత ఉన్నట్టు గమనించడమైనది. కావున ఆ ప్రశ్నకి జవాబు రాసిన అభ్యర్థులందరికీ పూర్తి మార్కులు ఇవ్వడమైనది. ఫిర్యాదుదారు సమ్మతించడమైనది." చెప్పి చల్లగా నవ్వాడు. "ఏమ్మా, ఇంకా పదమూడు కలుస్తాయి నీకు. నలభై తొమ్మిది. సంతోషమేగా?"

సంతోషమే. అబద్ధమెందుకు, ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ముప్పై రెండు పేపర్లు. టెక్నీషియన్ కుర్చీ. అటెండరు అని కాకుండా హోదాతో జీతం పట్టీలో పేరు. మరిది కూడా పాసే, కాబట్టి ఇంట్లో గొడవుండదు, అత్తగారి మొహం మాడదు. ఒక్క సంతకం పెడితే అందరి కడుపులోనూ చల్ల కదలదు.

గైడుగారు ముందే సంతకం చేసేశాడు. ల్యాబక్క కాగితం అందుకుని చదివింది. ప్రశ్నలో అస్పష్టత. ఎక్కడుంది అస్పష్టత? ఆ ప్రశ్నంత స్పష్టమైన ప్రశ్న ఇంకోటి లేదు ఆ పేపర్లో.

పెద్దింజనీరు తన ముందున్న ఆవిడ జవాబు పత్రం నకలు తిప్పుతున్నాడు. "అమ్మా, కుడి సపోర్టు పైన మైనస్ నలభై వేశావు. అంటే స్టీలు ఎక్కడ పెడతావు?"

"అక్కడ బీము పైభాగం సాగుతుంది కదండీ. చువ్వలు పైనే పెట్టాలి."

"నూట ఒకటింపావు రాసినవాడు?"

"వాడి బొమ్మలో అంతా కిందికి వంగడమే సార్. చువ్వలన్నీ కిందే వేస్తాడు. బయటి రెండు మీటర్లకైతే అసలేమీ వెయ్యడు, అక్కడ గీతే లేదు కాబట్టి."

"ఆ బాల్కనీ మీద ఎవరో ఒకరు నిలబడతారు," అన్నాడు పెద్దింజనీరు.

ల్యాబక్కకి తన మరిది గుర్తొచ్చాడు. వచ్చే నెల నుంచి ఒక బిల్డరు దగ్గర సూపర్‌వైజరుగా చేరతానని ఊరంతా చెప్పుకుంటున్నాడు. మిగిలిన రెండు మీటర్లూ పొరపాటున వచ్చినవని రాసిన చేత్తోనే రేపు మేస్త్రికి చువ్వలెక్కడ వెయ్యాలో చూపిస్తాడు. కీ సవరిస్తే మాత్రం వాడికి పద్నాలుగు పోయి ఒకటి మిగులుతుంది, ముప్పై ఒకటికి దిగుతాడు. ఆ దింపిన మనిషి తనే అవుతుంది.

కాగితం బల్ల మీద పెట్టింది.

"దీని మీద సంతకం పెట్టలేనండి సార్. నాకు జవాబు రాసినందుకు మార్కులొద్దు. జవాబు ఒప్పయినందుకు వెయ్యండి."

"వచ్చే మార్కుల్ని కాలదన్నుకుంటావా?" అన్నాడు గైడుగారు. "సమ్మతి లేకపోతే ఫిర్యాదు తేలనట్టే. ఉన్న ముప్పై ఆరే ఉంటాయి. స్కీము అయిపోతుంది. ఆలోచించుకో."

"ఆలోచించుకున్నానండి. ప్రశ్నలో తప్పు లేదు. లేనిది ఉందని రాయలేను."

"నేనూ పెట్టను," అన్నాడు పెద్దింజనీరు, కలం జేబులో పెట్టుకుంటూ.

అధికారి గడియారం చూశాడు. నాలుగూ ముప్పై అయిదు. ఒక మెంబరు సంతకం లేని నివేదికంటే ఆయనకి భయంకరమైన వస్తువు ఈ లోకంలో లేదు. తప్పు కీతో ఫైలు పైకి వెళ్ళొచ్చు, దానికి ఎవరూ ఏమీ అనరు. ఖాళీ గడితో వెళితే మాత్రం సంజాయిషీ రాయాలి. గైడుగారి వైపు తిరిగాడు. ఇద్దరూ మూల నిలబడి గుసగుసలాడారు. గైడుగారు రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు, మూడోసారి నిలువుగా ఊపాడు.

కొత్త కాగితం టైపయి వచ్చింది. "కీలో ముద్రణా దోషము దొర్లినట్టు గుర్తించడమైనది. నూట ఒకటింపావు అనుచోట అరవై ఒకటింపావు అని చదువుకొనవలెను. దీని ప్రకారం పత్రములన్నియు తిరిగి దిద్దవలెను." రెండు రియాక్షన్లూ, రెండు బొమ్మలూ, పది అంకెలూ తప్పుగా అచ్చుకొట్టిన ఆ ప్రెస్సువాడెవడో గానీ, పాపం, వాడికి ఈ సంగతి తెలీదు. ల్యాబక్క రెండుసార్లు చదివింది. ప్రెస్సువాడి మీద జాలి కలిగింది. అయినా అరవై ఒకటింపావు అని ఉంది, అది చాలు. నాలుగూ యాభై రెండుకి సంతకం పెట్టింది.

మూడో రోజుకి సవరించిన ఫలితాలు గోడకెక్కాయి. ఆవిడకి నలభై తొమ్మిది. మరిదికి ముప్పై ఒకటి.

ఆ సాయంత్రం ల్యాబక్క సర్దిన బరువులే మళ్ళీ సర్ది, ఆలస్యంగా ఇంటికి బయల్దేరింది. గుమ్మంలో అడుగు పెట్టేసరికి వీధి గదిలో బల్ల మీద అటు కొసన మరిది, ఇటు కొసన అత్తగారు కూర్చుని ఉన్నారు. పెనిమిటి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంటి పిల్లాడి నోట్లో మన్ను కొట్టావు," అంది అత్తగారు. "అందరికీ మార్కులిస్తామన్నారట. కళ్ళల్లో నిప్పులు పోసుకుని వద్దన్నావట!"

"అన్నాను అత్తయ్యా."

"ఎందుకు?"

చువ్వల గురించి చెప్పాలా, బాల్కనీ గురించా, ముద్రణా దోషం గురించా? ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఎవరికీ ఎదురు చెప్పలేదు, చెప్పిన ఒక్కసారీ ఇదీ. "వాడు చదువుకుని పాసవ్వాలి అత్తయ్యా. ఆర్నెల్లలో మళ్ళీ పరీక్షుంది. నేను చెప్తాను వాడికి, రోజూ చెప్తాను."

"నువ్వు చెప్పేదేంటి వదినా?" అన్నాడు మరిది ఉక్రోషంగా. "రెండు మీటర్లు! ఎనిమిది మీటర్ల లెక్క సరిగ్గా చేసినవాడికి, బయట ఊరికే వేలాడే రెండు మీటర్ల కోసం పద్నాలుగు మార్కులు పీకేస్తారా? అక్కడేముంది? ఏమీ లేదు!"

"చాల్లే, దీంతో మనకి మాటలేంటి," అని అత్తగారు విసురుగా బల్ల మీద నుంచి లేచింది.

ఆవిడ లేవడమే ఆలస్యం, బల్ల ఇటు కొస గాల్లోకి లేచింది. అటు కొస మరిదితో సహా నేలకి దిగింది. వాడు కాళ్ళు పైకీ తల కిందికీ అయి, గచ్చు మీద దబ్బున పడ్డాడు. బల్ల వాడి మీద పడకుండా అన్నగారు ఒక్క చేత్తో పట్టుకున్నాడు, బరువులు మోసే అలవాటున్న చెయ్యి కదా.

మరిది పడ్డచోటే పడి ఉండి, పైనున్న బల్ల కాలుని చూశాడు. కాలు దగ్గర నుంచి తాను కూర్చున్న కొస దాకా చూశాడు. మూరెడు. తర్వాత వాళ్ళమ్మ కూర్చున్న ఖాళీ కొసకేసి చూశాడు. వాడి పెదాలు కదిలాయి, వేళ్ళు మడిచాడు, ఏదో లెక్క కట్టుకున్నాడు.

అత్తగారు నవ్వకూడదని పళ్ళు బిగబట్టింది. కొడుకు వీపు తడుముకోవడం చూసి ఇక ఆగలేకపోయింది, కొంగు నోట్లో కుక్కుకుంది.

"దెబ్బ తగిలిందా?" అంది ల్యాబక్క వంగి చెయ్యందిస్తూ.

వాడు చెయ్యి పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"తగిలింది వదినా," అన్నాడు. "అక్కడ, ఆ బయటి ముక్కలో, ఉంది. స్కేలు తీసుకురా."